కోపంగా ఉన్న కాలనీవాసుల ముందు మైకు పట్టుకుంటే.. మొదటి మాట ఏం ఉండాలి?

ఒక కాలనీ అనుకుందాం. తొమ్మిది రోజులుగా కుళాయిలో మురుగు వాసన. ఫిర్యాదు చేస్తే ఫోన్‌కు టోకెన్ నంబర్ వచ్చింది, మనిషి మాత్రం రాలేదు. ఇద్దరు ముగ్గురు పిల్లలకు వాంతులు, విరేచనాలు. చివరికి ఆదివారం సాయంత్రం కమ్యూనిటీ హాల్లో టౌన్‌హాల్ సమావేశం పెట్టారు. నీటి విభాగం ఇంజినీరు మైకు అందుకున్నారు.

‘‘అందరికీ నమస్కారం. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. కానీ మన ఏరియాలో పైపులైన్లు చాలా పాతవి, ఎక్కడ లీకేజీ ఉందో కనుక్కోవడానికి టైమ్ పడుతుంది. మనమందరం కాస్త సహకరించాలి..’’

వెనక వరుసలోంచి ఒక గొంతు లేస్తుంది: ‘‘మీ ఇంట్లో ఈ నీళ్లే తాగుతున్నారా?’’ ఇక ఆ తర్వాత ఆయన ఏం చెప్పినా ఎవరికీ వినపడదు. నిజానికి ఆయన చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. పైపులు పాతవే, లీకేజీ వెతకడానికి సమయం పట్టేదే. తేడా అంతా మాటల వరుసలోనే వచ్చింది.

మీరు కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి కావచ్చు, కార్పొరేటర్ ఆఫీసులో పనిచేస్తుండవచ్చు, అధికారి కావచ్చు. అలాంటి సమావేశంలో మాట్లాడాల్సి వస్తే ముందే రాసిపెట్టుకోవాల్సిన వాక్యాలు కొన్ని ఉన్నాయి. మీరు కింద కుర్చీలో కూర్చునేవారైనా ఇవి తెలిసి ఉండటం మంచిది. ఎదుటివారు నిజంగా మీ మాట విన్నారా, లేక విన్నట్లు నటిస్తున్నారా అనేది వీటితో పట్టేయొచ్చు.

జవాబు కంటే ముందు ఇదంతా ఎందుకు?

అమెరికాకు చెందిన రిస్క్ కమ్యూనికేషన్ నిపుణుడు పీటర్ శాండ్‌మన్ ఒక తేడా చూపిస్తారు. ఒక విషయంలో ఉన్న అసలు ప్రమాదం వేరు, దానిపై జనంలో రేగే ఆగ్రహం వేరు. ప్రమాదం తక్కువే అని లెక్కలు చూపించినంత మాత్రాన ఆగ్రహం తగ్గదు. ‘మమ్మల్ని పట్టించుకోలేదు, చెప్పకుండా దాచారు’ అనే భావనలోంచి పుట్టిన కోపానికి అంకెలు సమాధానం కావు. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ అత్యవసర సమయాల్లో ప్రజలతో ఎలా మాట్లాడాలో తన సిబ్బందికి నేర్పే పాఠాల్లోనూ ఇదే చెబుతుంది. సానుభూతి మొదటి 30 సెకన్లలోనే వినపడాలంటుంది.

అయితే ‘అసౌకర్యానికి చింతిస్తున్నాం’ కూడా మొదటి 30 సెకన్లలోనే వచ్చింది కదా, మరి ఎందుకు పనిచేయలేదు? ఆ వాక్యం ఎక్కడైనా సరిపోతుంది కాబట్టి. రైలు ఆలస్యమైనా అదే, లిఫ్ట్ పాడైనా అదే. తొమ్మిది రోజులు క్యాన్లు మోసిన మనిషి తన తొమ్మిది రోజుల గురించి ఒక్క మాటైనా వినాలనుకుంటాడు.

ఆ ఇంజినీరు ఇలా మొదలుపెట్టి ఉంటే?

‘‘నమస్కారమండీ. ఈ నెల 6వ తేదీ నుంచి, అంటే తొమ్మిది రోజులుగా, మీ కుళాయిల్లో మురుగు వాసన వస్తోంది. తాగడానికే కాదు, వంటకు కూడా మీరు క్యాన్లు కొంటున్నారు. పై అంతస్తుల్లో ఉన్న పెద్దవాళ్లు వాటిని మోసుకెళ్లాల్సి వస్తోంది. పిల్లలకు వాంతులయ్యాయని ముగ్గురు తల్లులు నాతో చెప్పారు. మీరు మొదటి ఫిర్యాదు 6వ తేదీనే చేశారు. మేం మనిషిని పంపింది 12న. ఆ ఆరు రోజుల ఆలస్యం మాది.’’

ఇక్కడ ఆగాలి. రెండు మూడు సెకన్లు ఏమీ మాట్లాడకూడదు. ఎవరైనా ‘ఆరు కాదు, ఏడు రోజులు’ అని సరిదిద్దితే దిద్దనివ్వండి. అది మంచి సంకేతం. తిట్టడం మాని వివరాల్లోకి వచ్చారన్నమాట.

ఈ వాక్యాలు రాయాలంటే సమావేశానికి ముందు కాస్త పని చేయాలి. మొదటి ఫిర్యాదు తేదీ, మొత్తం ఎన్ని ఫిర్యాదులు, ఎవరు ఎప్పుడు వచ్చి చూశారు అనేవి రిజిస్టర్‌లోంచి తీసుకోవాలి. గంట ముందే కాలనీకి వెళ్లి నాలుగు ఇళ్లలో కుళాయి తిప్పి వాసన చూడాలి. ఈ గంట వెచ్చించకపోతే స్క్రిప్టు ఎంత బాగా రాసినా అది గాల్లో మాటే.

‘మేం’ అనాల్సిన చోట ‘మనం’ వద్దు

ఇది తెలుగులో మాట్లాడేవారికి వచ్చే చిక్కు. ఇంగ్లిష్‌లో ‘వి’ అంటే రెండిటికీ సరిపోతుంది. మనకు ‘మేం’ వేరు, ‘మనం’ వేరు. ‘మనం సహకరించుకోవాలి’ అనగానే కింద కూర్చున్నవారికి వినపడేది ‘తప్పులో మీకూ భాగం ఉంది’ అని. పైపు బాధ్యత విభాగానిదైనప్పుడు ‘మేం’ అనే చెప్పాలి. నీళ్లు బాగయ్యాక ట్యాంకులు, సంపులు కడుక్కోవడం లాంటి నిజంగా ఉమ్మడి పనులకు మాత్రం ‘మనం’ దాచుకోండి.

కర్త లేని వాక్యాలతోనూ ఇదే ఇబ్బంది. ‘ఆలస్యం జరిగింది’, ‘మా దృష్టికి రాలేదు’, ‘తగిన చర్యలు తీసుకోబడతాయి’ అనే మాటల్లో పనిచేసే మనిషి ఎక్కడా కనపడడు. ‘మేం ఆలస్యం చేశాం’ అనడానికి చాలామంది అధికారులు భయపడతారు, అదేదో నేరం ఒప్పుకున్నట్లవుతుందని. ఆ భయంలో కొంత న్యాయం ఉంది కాబట్టి తేడా చెప్పుకోవాలి. రిజిస్టర్‌లో ఉన్న ఆలస్యాన్ని ఒప్పుకోవడం వేరు, ఇంకా తేలని కారణాన్ని ఒప్పుకోవడం వేరు. ‘పిల్లలకు జబ్బు మా నీళ్ల వల్లే వచ్చింది’ అని పరీక్ష రాకుండా చెప్పనక్కర్లేదు. అలాగని ‘నీళ్ల వల్ల కాదు’ అనీ చెప్పకూడదు.

ఇక ‘కానీ’. గుర్తింపు వాక్యానికీ జవాబుకూ మధ్య ఈ మాట పడితే ముందు చెప్పిందంతా తుడిచిపెట్టుకుపోతుంది. అక్కడ పుల్‌స్టాప్ పెట్టి, కొత్త వాక్యంతో జవాబు మొదలుపెట్టండి. ‘అయితే’, ‘కాకపోతే’ కూడా ‘కానీ’కి చుట్టాలే.

జవాబు ఎలా మొదలవ్వాలి?

మన ఉదాహరణలోని కాలనీకి రోజు మార్చి రోజు నీళ్లొస్తాయి. నీళ్లు ఆగిన రోజు పైపులో ఒత్తిడి ఉండదు. పక్కన డ్రైనేజీ లీకవుతుంటే ఆ మురుగు పైపు పగుళ్లలోంచి లోపలికి చేరుతుంది. మళ్లీ వదలగానే మొదట వచ్చే నీళ్లతో ఇళ్లకు వచ్చేస్తుంది. పగులు ఎక్కడుందో పైనుంచి కనపడదు. అందుకే ఇంటింటికీ క్లోరిన్ చూసుకుంటూ వెళ్తారు. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ఒక ఇంటి వరకూ ఉండి, ఆ తర్వాతి ఇంటి నుంచి సున్నా అయితే ఆ రెంటి మధ్య తవ్వి చూడాలి. ఈ పరీక్ష నీళ్లొచ్చే రోజే చేయగలరు. బ్యాక్టీరియా పరీక్షకైతే ల్యాబ్‌లో ఒకటి రెండు రోజులు పడుతుంది.

ఇదంతా స్క్రిప్టులోకి వస్తే ఇలా ఉంటుంది: ‘‘రేపు సోమవారం నీళ్లొచ్చే రోజు. ఉదయం 6 గంటలకు మా వాళ్లు మొదటి ఇంటి నుంచి క్లోరిన్ చూస్తారు. కాలనీ తరఫున ఇద్దరు పక్కనే నడవండి. ల్యాబ్ ఫలితం బుధవారం సాయంత్రానికి వస్తుంది. అప్పటిదాకా ఈ నీళ్లు తాగొద్దు, ట్యాంకర్ పంపుతున్నాం.’’ ఏ రోజు ఏం తెలుస్తుందో అందులో ఉంది. ఎప్పటికి బాగవుతుందో లేదు, ఎందుకంటే అది ఇంకా తేలలేదు.

కష్టమైన ప్రశ్నలు మూడు

‘‘మా బాబు రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు, ఎవరు బాధ్యులు?’’ ఈ ప్రశ్నకు మైకులో వివరణ మొదలుపెట్టొద్దు. ‘‘బాబు ఇప్పుడెలా ఉన్నాడమ్మా?’’ అని అడగండి. చెప్పేది పూర్తిగా విన్నాక: ‘‘రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచాల్సి వచ్చిందన్నారు. ఆ వివరం నేను రాసుకున్నాను. మీ ఇంటి నీళ్ల శాంపిల్ రేపు మొదట తీస్తాం. ఫలితం ఏదైనా మీకు నేనే ఫోన్ చేసి చెబుతాను.’’ అంత చెప్పాక నిజంగా ఫోన్ చేయగలిగితేనే ఆ చివరి వాక్యం వాడండి.

‘‘మీ ఇంట్లో ఈ నీళ్లే తాగుతున్నారా?’’ దీన్ని ఎగతాళిగా తీసుకోకండి. ‘‘లేదండి, నేనుండేది వేరే ఏరియా. ఇందాక రెండో లైనులో ఒక ఇంట్లో వాసన చూశాను. ఆ నీళ్లు నేనైతే తాగను, మిమ్మల్నీ తాగమనను.’’ నిజం చెప్పినందుకు హాల్లో గొడవ పెరిగే అవకాశం తక్కువ. ఆ కాలనీవాళ్లు వాసన చూసే ఉన్నారు కదా.

‘‘ఎప్పటికి బాగవుతుంది? తేదీ చెప్పండి.’’ అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. ఒత్తిడికి లొంగి ‘మూడు రోజుల్లో’ అనేస్తారు. ‘‘తేదీ కావాలని అడగడం న్యాయమే, తొమ్మిది రోజులు వేచి చూశారు. పగులు దొరక్కుండా నేను తేదీ చెబితే అది అబద్ధమవుతుంది. దొరికిన రోజు సాయంత్రం 6 లోపు తేదీ చెబుతాను.’’ అరుపులు రావచ్చు, వాటిని భరించాల్సిందే. తప్పిన తేదీ తర్వాత వచ్చే రెండో సమావేశం ఇంతకంటే కష్టం.

పనిచేయడం లేదని ఎలా తెలుస్తుంది?

ఒకే ప్రశ్న మూడోసారి వస్తే మీరు జవాబిచ్చింది వేరే ప్రశ్నకన్నమాట. ఆగి, ‘‘మీరు అడిగింది ఇదేనా?’’ అని వాళ్ల మాటల్లోనే తిరిగి చెప్పండి. ‘శాంతించండి’, ‘ఒక్కొక్కరు మాట్లాడండి’ అనే మాటలు మీ నోటివెంట తరచూ వస్తున్నా అదే సూచన. మైకు సాయంతో గొంతు పెంచే బదులు, మైకునే తిప్పి జనంలోకి ఇవ్వడం మేలు.

దీనికి ఒక హద్దుంది. కోపాన్ని గుర్తించే మాట ఒకసారి, మహా అయితే రెండుసార్లు చెల్లుతుంది. ప్రతి జవాబుకూ ముందు ‘మీ బాధ నాకు అర్థమైంది’ అని తగిలిస్తే అది కాల్ సెంటర్ మాటలా వినపడుతుంది, జనం పసిగట్టేస్తారు. ఇక నీళ్లు అందరికీ ఒకేలా చెడితే సరే, ఒక వీధికి మాత్రమే ట్యాంకర్ వస్తున్నప్పుడు ఏ స్క్రిప్టూ ఆదుకోదు. ముందు ఆ తేడా తీసేసి ఆ తర్వాతే సమావేశానికి రావాలి.

బుధవారం సాయంత్రం ల్యాబ్ ఫలితం రాలేదనుకోండి. చాలా విభాగాలు చేసే పని ఫోన్ పక్కన పెట్టేయడం. చెప్పిన సమయానికి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టాల్సిన మెసేజ్ ఇది: ‘‘ఈ రోజు సాయంత్రానికి ఫలితం ఇస్తామన్నాం. ల్యాబ్ నుంచి ఇంకా రాలేదు. రేపు ఉదయం 11కి మళ్లీ మెసేజ్ పెడతాం, ఫలితం వచ్చినా రాకపోయినా. ట్యాంకర్ రేపు కూడా వస్తుంది.’’