పరుగు ఆపగానే నిలబడిపోకండి

వ్యాయామం అయ్యాక పది నిమిషాలు నెమ్మదిగా నడవకపోతే మర్నాడు కాళ్లు పట్టేస్తాయని జిమ్‌లోనూ పార్కులోనూ చాలామంది చెబుతారు. ఈ నమ్మకాన్ని ఆస్ట్రేలియాలో లా, హెర్బర్ట్ అనే పరిశోధకులు పరీక్షించి, ఫలితాన్ని 2007లో ప్రచురించారు. 52 మంది ఆరోగ్యవంతుల చేత కావాలనే నొప్పులు పుట్టే పని చేయించారు. ఏటవాలుగా పెట్టిన ట్రెడ్‌మిల్ మీద అరగంట సేపు వెనక్కి వెనక్కి కిందికి నడిపించారు. కొందరు ముందు వామప్ చేశారు, కొందరు తర్వాత కూల్‌డౌన్ చేశారు, కొందరు రెండూ చేశారు, మిగిలినవాళ్లు ఏదీ చేయలేదు. వామప్ చేసినవాళ్లకు నొప్పి కాస్త తగ్గింది. కూల్‌డౌన్ వల్ల మాత్రం తేడా ఏమీ కనిపించలేదు.

దీనికి కారణముంది. మర్నాటి నొప్పికి లాక్టిక్ ఆమ్లం కారణమని మనం వింటూ వచ్చాం. నెమ్మదిగా నడిస్తే రక్తంలోని లాక్టేట్ త్వరగా తగ్గే మాట నిజమే. కానీ ఊరికే కూర్చున్నా అది గంటా రెండు గంటల్లో మామూలు స్థాయికి వచ్చేస్తుంది. నొప్పేమో మర్నాడు మొదలై, రెండో మూడో రోజున ముదురుతుంది. అలవాటు లేని శ్రమకు కండరాల పోగుల్లో ఏర్పడిన సూక్ష్మమైన గాయాలే దానికి మూలం. అవి మానడానికి పట్టే రోజులు పట్టాల్సిందే, పది నిమిషాల నడక వాటిని తొందరపెట్టలేదు.

అలాగని కూల్‌డౌన్ మానేయమని నేను చెప్పను. దాని అసలు ప్రయోజనం గుండెకూ రక్తపోటుకూ సంబంధించింది. మే నెల సాయంత్రం ఐదు కిలోమీటర్లు పరుగెత్తిన మనిషినే తీసుకోండి. చివర్లో వేగం పెంచాడు, గుండె నిమిషానికి 160 సార్లు కొట్టుకుంటోంది. కాళ్లకు రక్తం అందించేందుకు అక్కడి నాళాలు విప్పారి ఉన్నాయి. వేడిని బయటికి పంపేందుకు చర్మంలోని నాళాలూ విప్పారాయి. అడుగు పడ్డ ప్రతిసారీ పిక్క కండరాలు సిరలను నొక్కి రక్తాన్ని పైకి తోస్తున్నాయి. ఇప్పుడతను గేటు దగ్గర టక్కున ఆగి, స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. తోసే పని ఆగిపోయింది, నాళాలు మాత్రం వెంటనే ముడుచుకోలేదు. రక్తం కాళ్లలో నిలిచి, గుండెకు తిరిగొచ్చేది తగ్గుతుంది. రక్తపోటు పడిపోతుంది. కళ్లు బైర్లు కమ్మి, చెమటలు పట్టి, ఒక్కోసారి కూలబడిపోతాడు. బీపీ మాత్రలు వాడేవాళ్లకూ, ఒంట్లో నీరు తగ్గినవాళ్లకూ ఈ ముప్పు ఎక్కువ.

ఐదు నుంచి పది నిమిషాలు చాలు. పరుగును జాగింగ్‌లోకి, ఆ తర్వాత నడకలోకి దించండి. ఆయాసం లేకుండా పూర్తి వాక్యం మాట్లాడగలిగే దాకా నడుస్తూనే ఉండండి. వేడినీళ్ల స్నానం నాళాలను ఇంకా విప్పారేలా చేస్తుంది కాబట్టి కాసేపు ఆగి చేయండి. తల తిరిగితే నిలబడి ఓర్చుకోవద్దు. వెంటనే పడుకుని కాళ్లు ఎత్తుగా పెడితే సాధారణంగా కొద్ది నిమిషాల్లో తేరుకుంటారు.

పరుగు ఆపాక కాకుండా, పరుగెత్తుతుండగానే స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా అది వేరే విషయం. కూల్‌డౌన్‌తో దానికి సంబంధం లేదు. వెంటనే ఆగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.