పుట్టింటి ఓటు మెట్టినింటికి ఎలా వస్తుంది?

కొత్త కోడలు ఇంట్లో అడుగుపెట్టాక రేషను కార్డులో పేరు ఎప్పుడు ఎక్కించాలో అత్తగారికి గుర్తుంటుంది. బ్యాంకు ఖాతా మార్చుకోవడం, ఆధార్‌లో చిరునామా మార్పించడం ఎవరో ఒకరు గుర్తుచేస్తూనే ఉంటారు. ఓటు సంగతి మాత్రం చాలా ఇళ్లలో ఎన్నికలు ముంచుకొచ్చాకే బయటపడుతుంది. నామినేషన్ల గడువు ముగిసిందంటే ఆ ఎన్నిక పూర్తయ్యేదాకా జాబితాలో కొత్త పేరు చేర్చడానికి చట్టం ఒప్పుకోదు. దరఖాస్తు మీద విచారణకూ వ్యవధి కావాలి కాబట్టి, ఆ గడువుకు కనీసం పది రోజుల ముందే ఫారం అధికారి చేతికి చేరి ఉండాలి. అందుకే పంచాయతీ ఆఫీసు గోడమీదో బడి గోడమీదో ఓటర్ల జాబితా సవరణ నోటీసు కనిపించినప్పుడు, ఆ ఏడు పెళ్లయిన ఇంట్లోవాళ్లు ఒక్క నిమిషం ఆగి చదవాలి.

ఆ నోటీసులో చూడాల్సినవి నాలుగు తేదీలే. తెలుగు రాష్ట్రాల్లో 2025 జాబితా కోసం జరిగిన సవరణనే తీసుకుందాం. ముసాయిదా జాబితా 2024 అక్టోబరు 29న వచ్చింది. క్లెయిములు, అభ్యంతరాలు నవంబరు 28 దాకా తీసుకున్నారు. తుది జాబితా 2025 జనవరి 6న ప్రకటించారు. నాలుగోది అర్హత తేదీ, 2025 జనవరి 1. ఈ అర్హత తేదీని చూసి చాలామంది తికమకపడతారు. అది పద్దెనిమిదేళ్లు నిండాయో లేదో లెక్క చూడటానికి మాత్రమే. 2022 నుంచి ఏడాదికి అలాంటి తేదీలు నాలుగున్నాయి: జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు. ఇప్పటికే ఓటున్న అమ్మాయి ఊరు మారిందంటే అర్హత తేదీతో ఆమెకు పనిలేదు, ఇప్పుడు ఎక్కడ నివసిస్తోందన్నదే లెక్క. నోటీసు గడువు దాటినా కంగారు అక్కర్లేదు. తుది జాబితా వచ్చాక కూడా దరఖాస్తులు ఏడాది పొడవునా తీసుకుంటారు. కాకపోతే సవరణ రోజుల్లో బూత్ స్థాయి అధికారి, అంటే అందరూ బీఎల్ఓ అని పిలిచే మనిషి, జాబితా పట్టుకుని పోలింగ్ కేంద్రం దగ్గర దొరుకుతారు. పని సులువవుతుంది.

అసలు చిక్కు ఏ ఫారం నింపాలన్న దగ్గర వస్తుంది. ఇంట్లో పెద్ద కోడలినో ఆడపడుచునో అడిగితే, "ఇక్కడ ఫారం-6 పెట్టు, అక్కడ మీ నాన్నగారితో ఫారం-7 పెట్టించి తీయించెయ్" అంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్ల పెళ్లిళ్ల నాటికి ఒక నియోజకవర్గం నుంచి ఇంకో నియోజకవర్గానికి మారితే ఫారం-6 నింపాల్సిందే. 2022 ఆగస్టు 1 నుంచి ఆ పద్ధతి మారింది. ఇప్పుడు ఫారం-6 కొత్తగా ఓటు రాయించుకునేవారికి. ఫారం-7 పేరు తొలగించమని కోరడానికి, లేదా ఒకరి పేరు చేర్చడం మీద అభ్యంతరం చెప్పడానికి. ఇల్లు మారినా, వివరాలు తప్పుపడినా, కార్డు పోయినా ఫారం-8 ఒక్కటే. పక్క వీధికి మారినా పక్క రాష్ట్రానికి మారినా అదే ఫారం.

పాత సలహా పాటిస్తే ఏమవుతుంది? ఫారం-6 కింద ఉండే ప్రకటనలో, నా పేరు మరే నియోజకవర్గం జాబితాలోనూ లేదని రాసి సంతకం చేయాలి. పుట్టింట్లో ఓటు ఉండగా ఆ సంతకం చేస్తే అది తప్పుడు ప్రకటన. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం తెలిసి అలా చేస్తే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఒకే మనిషి రెండు నియోజకవర్గాల్లో నమోదై ఉండటాన్నీ ఆ చట్టమే కాదంటుంది. ముందు పుట్టింటి దగ్గర తీయించేసుకుని వస్తే మరో ప్రమాదం ఉంది. ఇక్కడ చేరకముందే ఎన్నికలు వస్తే రెండు చోట్లా ఓటు ఉండదు.

ఒక అమ్మాయి ఉందనుకుందాం. పుట్టిల్లు ఎన్టీఆర్ జిల్లా నందిగామ నియోజకవర్గంలో. అత్తవారిది సరిహద్దు అవతల, ఖమ్మం జిల్లా మధిర. ఆ రెండు వైపుల మధ్య సంబంధాలు కలుపుకోవడం మామూలే. శ్రావణంలో పెళ్లయింది. అమ్మాయికి నందిగామ వైపు ఓటుంది, కార్డుంది. రాష్ట్రం మారింది కదా, ఇక్కడ కొత్త కార్డు తీసుకోవాలేమో అని నెట్ సెంటర్ అబ్బాయి అంటాడు. అక్కర్లేదు. కార్డు మీద మూడు ఇంగ్లిషు అక్షరాలు, ఏడు అంకెలతో ఉండే ఎపిక్ నంబరు ఆమెతోపాటే మధిరకు వస్తుంది.

ఆమె voters.eci.gov.in లోకి మొబైల్ నంబరుతో వెళ్లి ఫారం-8 తెరుస్తుంది. ఎపిక్ నంబరు కొట్టగానే జాబితాలోని తన వివరాలు కనిపిస్తాయి. అక్కడ Shifting of Residence ఎంచుకుని, నియోజకవర్గం బయటికి మారుతున్నట్టు సూచించి, కొత్త ఇంటి చిరునామా రాస్తుంది. ఆ దరఖాస్తు మధిర నియోజకవర్గ ఓటరు నమోదు అధికారికి చేరుతుంది. ఆయన ఆమోదించాక అక్కడ పేరు చేరి, నందిగామ వైపు పాత పేరు తొలగుతుంది. అమ్మాయి గానీ నాన్నగారు గానీ నందిగామ అధికారుల చుట్టూ తిరగనక్కర్లేదు. ఆన్‌లైన్ చేతకాకపోతే అదే ఫారం కాగితం మీద నింపి మధిర బీఎల్ఓకి ఇవ్వవచ్చు. బీఎల్ఓ ఎవరో తెలియకపోతే 1950 నంబరుకు ఫోన్ చేసి అడగవచ్చు.

చిరునామా రుజువు దగ్గర కొత్త పెళ్లికూతుళ్లు ఎక్కువగా ఆగిపోతారు. కరెంటు బిల్లు మామగారి పేరున, గ్యాసు అత్తగారి పేరున, తన పేరున ఒక్క కాగితమూ ఉండదు. ఆధార్‌లో ఇంకా పుట్టింటి చిరునామానే. దీనికి ఫారంలోనే దారి ఉంది. భర్త అదే చిరునామాలో ఓటరుగా ఉంటే, ఆయన పేరున ఉన్న రుజువు పనికొస్తుంది. బ్యాంకు పాసుపుస్తకం, పాస్‌పోర్టు, ఆధార్, కరెంటు లేదా నీటి బిల్లు, రిజిస్టరైన అద్దె ఒప్పందం వంటివాటిలో ఒకటి చాలు. ఒకవేళ భర్త ఉద్యోగరీత్యా హైదరాబాదులో ఉండి, ఇద్దరూ అక్కడే కాపురం పెడితే, ఊళ్లో అత్తవారి సొంతిల్లు ఉందని ఓటు అక్కడ రాయించుకోవడం సరికాదు. ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడ సాధారణ నివాసి అయిపోరని చట్టం చెబుతోంది.

ఫారం పెట్టాక బీఎల్ఓ ఇంటికి వచ్చి చూస్తారు. ఇక్కడ ఇంట్లోవాళ్లు అనే ఒక్క మాట పని చెడగొట్టగలదు. ఆషాఢమని అమ్మాయి పుట్టింటికి వెళ్లి ఉంటుంది. బీఎల్ఓ తలుపు కొడితే, "ఇక్కడ లేదండీ, వాళ్లమ్మగారింట్లో ఉంది" అంటారు అత్తగారు. ఆ మాట "ఇక్కడ నివాసం లేదు" అని కాగితం మీదికెక్కితే దరఖాస్తు తిరస్కరణకు గురికావచ్చు. ఆషాఢానికో పురిటికో పుట్టింటికి వెళ్లడం తాత్కాలికంగా దూరంగా ఉండటమే. దానివల్ల నివాసం పోదని చట్టంలో స్పష్టంగా ఉంది. "మా కోడలే, ఇక్కడే ఉంటుంది, ఫలానా తేదీకి వస్తుంది" అని చెప్పి, భర్త పేరు జాబితాలో ఏ భాగంలో ఏ వరస నంబరులో ఉందో చూపిస్తే సరిపోతుంది. ఈ సంగతి అత్తగారికి ముందే చెప్పి ఉంచడం మంచిది.

ఇక పేరు, ఇంటిపేరు. ఓటు మార్చుకోవాలంటే ఇంటిపేరు మారాలని గానీ, తండ్రి పేరు తీసి భర్త పేరు రాయించాలని గానీ ఎక్కడా లేదు. జాబితాలో తండ్రి పేరే ఉన్నా అది తప్పు కాదు, ఓటుకు అడ్డూ రాదు. మార్చుకోవాలనుకుంటే అదీ ఫారం-8తోనే. అయితే ఆ ఫారంలో ఒకసారికి ఒకే పని ఎంచుకోవాలి. చిరునామా మార్పు ఒక దరఖాస్తు, వివరాల సవరణ మరో దరఖాస్తు. ముందు ఓటు తెచ్చుకుని, ఆ పని పూర్తయ్యాక వివాహ ధ్రువపత్రం జతచేసి భర్త పేరో ఇంటిపేరో మార్పించుకోవడం మేలు. ఈ వరస తప్పితే ఒక ఇబ్బంది ఉంది. ఆన్‌లైన్‌లో ఆధార్‌తో ఈ-సంతకం అడిగినప్పుడు ఓటరు కార్డులోని పేరూ ఆధార్‌లోని పేరూ కలవాలి. ఆధార్‌లో అప్పటికే అత్తవారి ఇంటిపేరు ఎక్కించేసుకుని ఉంటే అక్కడ ఆగిపోతుంది. అలా ఆగితే కాగితం ఫారమే దిక్కు.

కొందరి విషయంలో ఆలస్యం మరోలా దెబ్బతీస్తుంది. పుట్టింటికి ఆ ఊరి బీఎల్ఓ వెళ్తే, "పెళ్లి చేసి పంపించేశామండీ" అని వాళ్లు నిజమే చెబుతారు. శాశ్వతంగా వెళ్లిపోయినట్టు నమోదై, అక్కడి జాబితాలోంచి పేరు పోవచ్చు. తొలగించే ముందు నోటీసు ఇవ్వాలి. కానీ అది పుట్టింటి చిరునామాకే వస్తుంది, అమ్మానాన్న దాన్ని ఫోన్లో చెబితేనే తెలుస్తుంది. అందుకే ఫారం-8 నింపేముందు వెబ్‌సైటులో ఎపిక్ నంబరుతో ఒకసారి వెతకాలి. పేరు దొరికితే ఫారం-8. దొరక్కపోతే మార్చడానికి అక్కడ ఏమీ మిగల్లేదన్నమాట. అప్పుడు ఫారం-6 నింపాలి, పాత కార్డు సంగతి బీఎల్ఓకి చెప్పాలి. పెళ్లినాటికి ఎక్కడా ఓటు రాయించుకోని ఇరవై ఏళ్ల అమ్మాయిదీ ఫారం-6 దారే. ఆమె వయసుకు రుజువుగా పదో తరగతి మెమో గానీ జనన ధ్రువపత్రం గానీ జతచేస్తుంది.

దరఖాస్తు ఇచ్చినప్పుడు వచ్చే రిఫరెన్స్ నంబరును రాసి పెట్టుకోవాలి. అందిన దరఖాస్తుల జాబితాను అధికారి నోటీసు బోర్డులో పెట్టి, అభ్యంతరాల కోసం ఏడు రోజులు ఆగి, ఆ తర్వాతే నిర్ణయిస్తారు. ఆమోదించాక జాబితా తెరిచి భర్త పేరు పక్కన వెతికి, లేదని భయపడేవాళ్లున్నారు. కొత్తగా చేరిన పేర్లు మొదట చివరి పేజీల్లో, అనుబంధంలో ఉంటాయి. అక్కడ చూడాలి, తన పోలింగ్ కేంద్రం భర్తదే అవునో కాదో కూడా అప్పుడే సరిచూసుకోవాలి. వేరే భాగంలో పడితే మళ్లీ ఫారం-8తో సరిచేయించుకోవచ్చు. దరఖాస్తు తిరస్కరిస్తే ఆ ఉత్తర్వు తేదీ నుంచి పదిహేను రోజుల్లో కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా కుదరకపోతే ముప్పై రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి రెండో అప్పీలు ఉంటుంది.

సర్పంచి ఎన్నికలకు వేరే జాబితా ఉంటుందిలే, అప్పుడు చూసుకుందామనుకునే కొత్త కోడళ్లకు ఒక మాట. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రాష్ట్ర ఎన్నికల సంఘాలు అసెంబ్లీ జాబితానే తీసుకుని వార్డులవారీగా విడదీస్తాయి. మధిర అమ్మాయి పేరు ఇంకా నందిగామ జాబితాలో ఉంటే, అత్తవారి ఊళ్లో ఎన్నిక ఏదైనా ఆమెకు చీటీ రాదు.