గర్బా రాత్రులు, దాచిన ‘లో షుగర్’: టైప్-1 మధుమేహ పిల్లలకు ఇంటి అండ ఎలా?

సూరత్: నవరాత్రుల్లో సూరత్ యువత అర్ధరాత్రి వరకు గర్బా ఆడుతుంది. మరమగ్గాల పనికై తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన నేత కుటుంబాల పిల్లలూ ఆ వలయాల్లో కలుస్తారు. టైప్-1 మధుమేహమున్న కౌమారులకు ఈ రాత్రులు కఠిన పరీక్ష.

ఉదాహరణకు, లింబాయత్‌లో నివసించే పదిహేనేళ్ల బాలికను ఊహించుకుందాం. ఆట మధ్యలో షుగర్ పడిపోతుందన్న భయంతో ఆమె రాత్రి భోజనానికి ముందు వేసుకోవలసిన ఇన్సులిన్ మానేసింది. ఇంటికి వచ్చేసరికి రీడింగు 310. తల్లి చూస్తే కోప్పడుతుందని ఎవరికీ చెప్పకుండా, పగటి లెక్క ప్రకారం పూర్తి మోతాదు వేసుకుని పడుకుంది.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. నృత్యం ఆగినా, కరిగిన నిల్వలను నింపుకోవడానికి కండరాలు గంటల తరబడి రక్తంలోని చక్కెరను తీసుకుంటూనే ఉంటాయి. దానికి ఇన్సులిన్ తోడవడంతో తెల్లవారుజామున షుగర్ 52కు దిగింది. చెమటలతో లేచిన బాలిక రెండు బిస్కెట్లు తిని మౌనంగా పడుకుంది. పరీక్షించుకోలేదు గనుక మీటరులో ఆ ఆనవాలే లేదు. తడిసిన దుస్తులు, ఉదయపు తలనొప్పి మాత్రమే మిగిలాయి.

ఇలాంటివి తరచూ జరిగితే వణుకు, చెమట వంటి హెచ్చరికలు క్రమంగా మందగిస్తాయి. అప్పుడు ముందస్తు సూచన లేకుండానే స్పృహ తప్పవచ్చు.

“ఎంతొచ్చింది? మళ్లా ఏం తిన్నవ్?” అన్న ప్రశ్న పిల్లల చెవికి తీర్పులా వినిపిస్తుంది. తీర్పును తప్పించుకునే సులభ మార్గం అంకెను దాచడమే. “ఇప్పుడు నేనేం చెయ్యాలె బిడ్డా?” అని అడిగితే దాచవలసిన అవసరం తగ్గుతుంది.

పండుగకు ముందే వైద్యునితో మాట్లాడి, ఆట రోజున భోజనపు మోతాదు, ఆట తర్వాత వేసుకునే మోతాదు ఎంత తగ్గించాలో రాయించుకోవాలి. దీర్ఘకాలం పనిచేసే ఇన్సులిన్‌ను మాత్రం సొంతంగా ఆపకూడదు. గంటగంటకు ఫోన్ చేయడానికి బదులు ఆటకు ముందు, విరామంలో, పడుకునే ముందు అని మూడు పరీక్షలకు ఒప్పందం చేసుకోవచ్చు. తెల్లవారుజామున మూడు గంటలకు లేచి పరీక్షించే బాధ్యత తల్లిదండ్రులు తీసుకుంటే బిడ్డ భారం తగ్గుతుంది.

రీడింగు 70 కన్నా తగ్గితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి. ఇంకా తక్కువగానే ఉంటే అదే మళ్లీ చేయాలి. స్పృహ తప్పితే నోట ఏమీ పోయకుండా 108కు ఫోన్ చేయాలి. షుగర్ బాగా పెరిగి వాంతులు, కడుపునొప్పి, వేగంగా లోతైన శ్వాస కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇంట్లో మినహాయింపు లేని నియమం ఒక్కటి చాలు: షుగర్ పడిపోతే ఏ వేళనైనా లేపి చెప్పాలి. ఆ రాత్రి కారణాలు అడగబోమని పెద్దలు ముందే మాట ఇవ్వాలి, దానికి కట్టుబడాలి.