ప్రతి చతురస్ర మాత్రికనూ త్రిభుజ రూపంలోకి తెచ్చే షూర్ విచ్ఛేదన

సంకీర్ణ సంఖ్యలతో రాసిన చతురస్ర మాత్రిక ఏదైనా సరే, పరస్పరం లంబంగా ఉండే యూనిట్ సదిశలను సరిగా ఎంచుకుని వాటి ఆధారంగా తిరిగి రాస్తే త్రిభుజ మాత్రికగా మారుతుంది. అంటే ప్రధాన వికర్ణానికి కింద ఉన్నవన్నీ సున్నాలవుతాయి. దీన్ని A = QTQ* అని రాస్తారు. ఇక్కడ T ఎగువ త్రిభుజ మాత్రిక, Q యూనిటరీ మాత్రిక. Q నిలువువరుసలన్నీ ఒకదానికొకటి లంబంగా ఉండే యూనిట్ సదిశలు. Q* అంటే Q లోని అడ్డువరుసలను నిలువువరుసలుగా మార్చి, ప్రతి సంఖ్యకూ సంయుగ్మం తీసుకోగా వచ్చేది. Qకి విలోమం కూడా అదే. ఈ ఫలితాన్ని ఇస్సాయ్ షూర్ 1909లో ప్రచురించాడు.

త్రిభుజ రూపం దొరికితే రెండు ప్రయోజనాలు వెంటనే కలుగుతాయి. మాత్రిక ఐగెన్ విలువలు వికర్ణం మీదే కనిపిస్తాయి. సమీకరణాల వ్యవస్థను సాధించాలంటే చివరి అడ్డువరుస నుంచి పైకి ఒక్కొక్కటిగా విలువలు కనుక్కుంటూ వెళ్తే చాలు. వికర్ణం తప్ప మిగతా అంతా సున్నాలైతే ఇంకా బాగుండేది గాని, ఆ అదృష్టం ప్రతి మాత్రికకూ ఉండదు. షూర్ విచ్ఛేదన అంత అడగదు. వికర్ణానికి పైన ఏమున్నా ఒప్పుకుంటుంది. అందుకే మినహాయింపు లేకుండా ప్రతి చతురస్ర మాత్రికకూ వర్తిస్తుంది.

ఇది ఎందుకు సాధ్యమో చూడాలంటే మొదట ఒక్క సదిశ దొరికితే చాలు. n వరుసల మాత్రిక A లాక్షణిక సమీకరణం n తరగతి బహుపది సమీకరణం. సంకీర్ణ సంఖ్యల్లో ఏ బహుపదికైనా కనీసం ఒక మూలం తప్పక ఉంటుందని బీజగణిత మూల సిద్ధాంతం చెబుతుంది. ఆ మూలాన్ని λ అందాం. అప్పుడు Aq = λq అయ్యే సదిశ ఒకటి ఉంటుంది; దాని పొడవును 1 చేసుకోవచ్చు. సంకీర్ణ సంఖ్యలు అవసరమయ్యేది ఇక్కడే. తలాన్ని 90 డిగ్రీలు తిప్పే మాత్రికను తీసుకుంటే, వాస్తవ సదిశల్లో దిశ మారకుండా నిలిచేది ఒక్కటీ ఉండదు. దాని ఐగెన్ విలువలు i, −i.

తర్వాతి పని, qకి లంబంగా మరో n−1 యూనిట్ సదిశలను చేర్చి పూర్తి ఆధారాన్ని కట్టడం. గ్రామ్-ష్మిట్ పద్ధతితో ఇది ఎప్పుడూ వీలవుతుంది. ఈ కొత్త ఆధారంలో Aని రాస్తే మొదటి నిలువువరుసలో పైన λ, దాని కింద అన్నీ సున్నాలు వస్తాయి. ఎందుకంటే A మొదటి సదిశను దాని గుణిజంగానే మారుస్తుంది. మిగతా సదిశల వాటా అందులో ఏమీ ఉండదు. మొదటి అడ్డువరుసనూ మొదటి నిలువువరుసనూ పక్కన పెడితే n−1 వరుసల చిన్న మాత్రిక మిగులుతుంది. దానికీ ఇదే పని చేయాలి. ఈసారి ఎంచుకునే సదిశలన్నీ qకి లంబంగా ఉన్న భాగంలోనివే కాబట్టి, మొదటి నిలువువరుసలో సాధించిన సున్నాలు చెడవు. ప్రతి అడుగులోనూ మాత్రిక ఒక వరుస తగ్గుతుంది. చివరికి ఒకే సంఖ్య మిగిలినప్పుడు పని పూర్తవుతుంది. యూనిటరీ మాత్రికల లబ్ధం కూడా యూనిటరీయే కనుక, అడుగడుగునా చేసిన మార్పులన్నీ కలిసి ఒకే Q అవుతాయి.

ఒక ఉదాహరణను పూర్తిగా చేసి చూడవచ్చు. A మొదటి అడ్డువరుస 3, 1. రెండోది −1, 1 అనుకుందాం. వికర్ణం మొత్తం 4, నిర్ధారకం కూడా 4. కాబట్టి లాక్షణిక సమీకరణం λ² − 4λ + 4 = 0. దీనికి 2 ఒక్కటే మూలం, అదీ రెండుసార్లు. దానికి ఐగెన్ సదిశ (1, −1) దిశలో ఒక్కటే ఉంది. రెండో దిశ లేదు కాబట్టి ఈ మాత్రికను ఏ ఆధారంలోనూ వికర్ణ రూపంలోకి తేలేము. షూర్ పద్ధతికి మాత్రం ఆ ఒక్క దిశే సరిపోతుంది. q₁ = (1, −1)/√2 తీసుకుని, దానికి లంబంగా q₂ = (1, 1)/√2 చేర్చాలి. A(1, 1) = (4, 0). దీన్ని కొత్త ఆధారంలో రాస్తే 2(1, −1) + 2(1, 1) అవుతుంది. కాబట్టి T మొదటి అడ్డువరుస 2, 2. రెండోది 0, 2.

సరిచూసుకోవడానికి తేలిక మార్గం ఉంది. యూనిటరీ మార్పు పొడవులను మార్చదు కనుక, మాత్రికలోని సంఖ్యల పరిమాణాల వర్గాల మొత్తం కూడా మారకూడదు. Aలో 9 + 1 + 1 + 1 = 12; Tలో 4 + 4 + 0 + 4 = 12. ఇందులో ఐగెన్ విలువల వాటా 8. మిగిలిన 4 వికర్ణానికి పైన ఉన్న సంఖ్యది. ఐగెన్ విలువల పరిమాణాల వర్గాల మొత్తం, మాత్రిక సంఖ్యల పరిమాణాల వర్గాల మొత్తాన్ని ఎన్నడూ మించదనే షూర్ అసమానత దీని నుంచే వస్తుంది. రెండూ సమానమైతే వికర్ణానికి పైన ఏమీ మిగలదు. T వికర్ణ మాత్రికే అవుతుంది. A, A* ఏ క్రమంలో గుణించినా ఒకే లబ్ధాన్నిచ్చినప్పుడు మాత్రమే అలా జరుగుతుంది.

యూనిటరీ మార్పుకే పట్టుబట్టడానికి కారణం లెక్కల్లో తెలుస్తుంది. మొదటి అడ్డువరుస 1, 1. రెండోది 0, 1 + 10⁻¹⁰ అయిన మాత్రికకు రెండు వేర్వేరు ఐగెన్ విలువలున్నాయి కాబట్టి దాన్ని వికర్ణ రూపంలోకి తేవచ్చు. కానీ ఐగెన్ సదిశలు (1, 0), (1, 10⁻¹⁰) దాదాపు ఒకే దిశలో ఉంటాయి. వాటితో కట్టిన మాత్రిక విలోమంలో 10¹⁰ పరిమాణమున్న సంఖ్యలొస్తాయి. కంప్యూటర్ సుమారు 16 అంకెలు నిలుపుకుంటే, ఆ దారిలో పది అంకెల వరకు కచ్చితత్వం పోవచ్చు. యూనిటరీ మాత్రికతో గుణించినప్పుడు దోషాలు పెరగవు.

అయితే చేతిలెక్కలో వాడిన పద్ధతి పెద్ద మాత్రికలకు పనికిరాదు. అయిదో తరగతి నుంచి బహుపదుల మూలాలకు సాధారణ సూత్రం లేదు కనుక, T విలువలను మళ్లీమళ్లీ లెక్కిస్తూ దగ్గరవుతూ వెళ్లాల్సిందే. ఇందుకు వాడే QR పద్ధతిని జాన్ ఫ్రాన్సిస్, వేరా కుబ్లనోవ్‌స్కాయా 1960ల తొలినాళ్లలో విడివిడిగా రూపొందించారు. పైథాన్‌లో దీన్ని ఇలా పిలవవచ్చు:

```python
from scipy.linalg import schur
T, Q = schur(A, output="complex")
```

వాస్తవ సంఖ్యల మాత్రిక ఇచ్చి `output="complex"` రాయకపోతే, సంకీర్ణ ఐగెన్ విలువల జతలున్న చోట వికర్ణం మీద రెండు వరుసల గడులు మిగులుతాయి. పూర్తి త్రిభుజం రాదు. సమాధానం ఒక్కటే కాదన్నది కూడా గమనించాలి. ఐగెన్ విలువలను ఏ వరుసలో పేర్చాలనుకుంటే ఆ వరుసలో పేర్చుకోవచ్చు. అందుకు తగ్గట్టు వికర్ణానికి పైన ఉన్న సంఖ్యలు మారవచ్చు. కాబట్టి రెండు ప్రోగ్రాములు వేర్వేరు T ఇచ్చినా రెండూ సరైనవే కావచ్చు. QTQ* తిరిగి Aకి సమానమవుతోందా, Q*Q యూనిట్ మాత్రిక అవుతోందా అన్నదే అసలు పరీక్ష.

ఈ పరీక్ష నెగ్గినా ఐగెన్ విలువలన్నీ అంతే కచ్చితంగా ఉంటాయని కాదు. పై ఉదాహరణలోని Tలో, సున్నా స్థానంలో 10⁻¹⁶ చేరితే ఐగెన్ విలువలు రెండూ 2 నుంచి సుమారు 1.4 × 10⁻⁸ దూరం జరుగుతాయి. ఆ సున్నితత్వం మాత్రికలోనే ఉన్నది. యూనిటరీ మార్పు దాన్ని పెంచదు, తగ్గించదు.