మెమోలో ఉండాల్సింది, ఉండకూడనిది

ఆఫీసు నెట్‌ను సొంత పనికి వాడారని మెమో ఇచ్చేముందు హెచ్‌ఆర్ వాళ్లు రొమేనియాకు చెందిన బార్బులెస్కూ కేసు చదవాలి. ఆఫీసు పనికని తెరిచిన యాహూ మెసెంజర్‌లో ఆ ఉద్యోగి సోదరుడితో, కాబోయే భార్యతో మాట్లాడాడు. కంపెనీ ఆ సంభాషణలను 45 పేజీలుగా అచ్చుతీసి ముందుపెట్టింది. 2007లో ఉద్యోగం తీసేసింది. సొంత వాడకం కూడదన్న నిబంధన అతనికి తెలుసు. కానీ రాసిన మాటలు కూడా చదువుతారని ముందుగా చెప్పలేదు. అతని ఆంతరంగిక జీవితాన్ని రొమేనియా కోర్టులు కాపాడలేదని 2017లో యూరప్ మానవ హక్కుల కోర్టు తేల్చింది.

కాబట్టి మెమోలో తేదీ, వేళ, ఏ సైటులో ఎంతసేపు గడిపారు, ఏ నిబంధన తప్పారు అన్నవి చాలు. ‘మీ ఆవిడకు ఇలా రాశారు’ అన్న వాక్యం ఉండకూడదు. మెమో అందుకున్నవారు జవాబు రాసేముందు అడగండి: ఈ నిఘా గురించి నాకు ఎప్పుడు చెప్పారు?