ఫోన్‌లో తెగిన బేరం, మెయిల్‌లో తేలే లెక్క

తెనాలిలో పచ్చళ్ల యూనిట్ నడిపే ఒకావిడ, హైదరాబాద్ జీడిమెట్లలో అట్టపెట్టెలు తయారుచేసే ఒకాయన ఫోన్‌లో మాట్లాడుకున్నారనుకుందాం. అరకిలో సీసాలు పన్నెండు పట్టే ఐదు ప్లై పెట్టెలు ఆమెకు 5,000 కావాలి. ఆయన 46 రూపాయలతో మొదలుపెట్టారు, ఆమె 40 అన్నారు, చివరికి 42 దగ్గర తెగింది. ‘‘పన్నెండు రోజుల్లో పంపించేస్తానండీ’’ అన్నారాయన. ‘‘సరేనండీ, అడ్వాన్స్ వేస్తాను’’ అన్నారామె.

బేరం కుదిరిందనే ఇద్దరి నమ్మకం. నిజానికి కుదిరింది 42 అనే అంకె ఒక్కటే. ఆయన లెక్కలో అది ఫ్యాక్టరీ గేటు దగ్గరి ధర, ఆమె లెక్కలో తెనాలి గోడౌన్‌లో దిగిన ధర. లారీ కిరాయి 11,000 రూపాయలైతే పెట్టెకు 2 రూపాయల 20 పైసలు పడుతుంది. అంటే నాలుగు రూపాయలు తగ్గించుకున్నానన్న ఆమె సంతోషంలో సగానికి పైగా లారీకే పోతుంది. ఇక్కడ ఎవరూ అబద్ధమాడలేదు. ఫోన్‌లో కిరాయి ఊసే రాలేదు, అంతే.

అందుకే ఫోన్ పెట్టేసిన గంటలోపే, మాటలు ఇంకా చెవిలో ఉండగానే ఆమె ఒక మెయిల్ రాయాలి. అది ఇలా ఉండొచ్చు:

విషయం: 5,000 అట్టపెట్టెలు – ఈ ఉదయం ఫోన్‌లో అనుకున్న ధర, డెలివరీ

నమస్కారమండీ. ఈ రోజు ఉదయం 11 గంటలకు ఫోన్‌లో మనం అనుకున్నవి ఇవి.

సరుకు: ఐదు ప్లై పెట్టెలు 5,000. కొలత 15 × 11½ × 6½ అంగుళాలు. ఒక రంగు ప్రింటింగ్.

ధర: పెట్టెకు 42 రూపాయలు, మొత్తం 2,10,000. జీఎస్టీ అదనం. ప్రింటింగ్ బ్లాకు ఖర్చు మీదే.

చెల్లింపు: 30 శాతం, అంటే 63,000 అడ్వాన్స్. మిగతాది సరుకు మా గోడౌన్‌లో దిగిన 30 రోజుల్లోపు.

మనం తేల్చుకోనివి మూడున్నాయి. లారీ కిరాయి 42లో కలిసి ఉందనుకున్నాను, అవునా? పన్నెండు రోజులు ఏ రోజు నుంచి, సరుకు మీ దగ్గర బయల్దేరడానికా, మాకు చేరడానికా? పైన రాసినవి లోపలి కొలతలని నా లెక్క, మీ లెక్క కూడా అదేనా?

ఈ మూడింటికీ జవాబు రాసి, మిగతావాటికి ‘ఒప్పుకున్నాం’ అని తిరుగు మెయిల్ ఇవ్వండి. అది రాగానే అడ్వాన్స్ వేస్తాను.

ఈ మెయిల్‌లో అన్నిటికన్నా విలువైనది ‘మనం తేల్చుకోనివి’ అన్న భాగం. చాలామంది దాన్ని రాయరు. కిరాయి సంగతి ఎత్తితే ధర మళ్లీ కదులుతుందేమోనని జంకి, ‘ధర 42, కిరాయితో సహా’ అని అనుకున్న మాటల్లోనే కలిపేస్తారు. అది పెద్ద పొరపాటని నా గట్టి అభిప్రాయం. అవతలివాళ్లు గమనిస్తే ఆ మెయిల్‌లోని మిగతా మాటల మీదా నమ్మకం పోతుంది. గమనించకుండా ‘ఓకే’ అంటే తగాదా తప్పినట్టు కాదు, లారీ గోడౌన్ ముందుకొచ్చి డ్రైవర్ కిరాయి అడిగే రోజుకు వాయిదా పడినట్టు. అనుకున్నది ఒకచోట, అనుకోనిది ఇంకోచోట విడిగా ఉంటేనే ఆ కాగితానికి బలం.

కొలతల సంగతి చూడండి. ఐదు ప్లై అట్ట మందం ఐదారు మిల్లీమీటర్లుంటుంది. రెండు వైపులా కలిపితే సెంటీమీటరు పైమాటే, దాదాపు అరంగుళం. ఆమె సీసాలు సరిపోయేలా లోపలి కొలత చెప్పి, ఆయన దాన్ని బయటి కొలతగా తీసుకుంటే, పన్నెండు సీసాలూ మధ్య అడ్డుపలకలతో సహా పెట్టెలో పట్టవు. అప్పటికే ఆమె బ్రాండు పేరు అచ్చయిపోయిన 5,000 పెట్టెల్ని ఆయన ఇంకెవరికీ అమ్ముకోలేరు. ‘లోపలి కొలత’ అన్న రెండు మాటలు ఆపే నష్టం ఇది.

పన్నెండు రోజులూ అంతే. ఫోన్ చేసిన రోజు నుంచి ఆమె లెక్కపెడతారు. డిజైన్‌ను ఆమె ఓకే చేసి, అడ్వాన్స్ అందిన రోజు నుంచి ఆయన లెక్కపెడతారు. ఆయన పద్ధతి అన్యాయమేం కాదు, డిజైన్ ఖాయం కానిదే ప్రింటింగ్ మొదలుపెట్టలేరు కదా. అందుకే రోజుల లెక్క కన్నా ‘ఫలానా తేదీకి తెనాలి చేరాలి, దానికి ఫలానా తేదీలోపు డిజైన్ ఓకే చేస్తాను’ అని ఇద్దరి గడువులూ పక్కపక్కనే రాసుకోవడం మేలు.

ఇక జవాబు. ‘అన్నీ ఓకే, కిరాయి మాత్రం మీదే’ అని వస్తే ఒప్పందం అయిపోయిందని సంబరపడకూడదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 7వ సెక్షన్ ప్రకారం అంగీకారం షరతుల్లేకుండా పూర్తిగా ఉండాలి. ఒక్క షరతు మారినా అది కొత్త ప్రతిపాదనే. కిరాయి భరించడానికి ఆమె ఒప్పుకుంటే, మార్పుతో సహా మొత్తం షరతుల్ని మళ్లీ ఒకే మెయిల్‌లో రాసి పంపాలి. నాలుగు మెయిళ్లలో చెదిరిపోయిన షరతుల్ని ఆరు నెలల తర్వాత ఏరుకోవడం చాలా కష్టం.

అసలు జవాబే రాకపోతే? ‘రెండు రోజుల్లో జవాబివ్వకపోతే ఒప్పుకున్నట్టే’ అని కొందరు చివర్లో రాస్తారు. ఆ వాక్యాన్ని నమ్ముకోవద్దు. మామూలుగా మౌనాన్ని చట్టం అంగీకారంగా తీసుకోదు. అడ్వాన్స్‌ను జవాబుతో ముడిపెట్టమన్నది అందుకే. డబ్బు వెళ్లకముందు జవాబు రాబట్టడం తేలిక, వెళ్లాక కష్టం.

మన దేశంలో నోటిమాట ఒప్పందం కూడా చాలావరకు చెల్లుతుంది. చిక్కంతా రుజువు దగ్గరే. మెయిల్‌కు న్యాయస్థానాల్లో ఎంత విలువో ట్రైమెక్స్–వేదాంత అల్యూమినియం కేసు చూపించింది. బాక్సైట్ సరఫరా షరతుల మీద మెయిళ్లు నడిచాయి. లాంఛనంగా ఒప్పంద పత్రం మీద సంతకాలు కాకపోయినా, ఆ మెయిళ్లతోనే ఒప్పందం కుదిరినట్టు 2010లో సుప్రీంకోర్టు తేల్చింది. రేపు కోర్టు దాకా వెళ్లాల్సివస్తే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి కాబట్టి అసలు మెయిల్ తొలగించకుండా ఉంచాలి. ప్రింటు తీసిన కాగితం ఒక్కటే చాలదు.

పెట్టెలు చేసే ఆయనకూ ఈ మెయిల్‌తో సొంత లాభముంది. ఆయనది ఉద్యమ్‌లో నమోదైన సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమ అయితే, 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం 15వ సెక్షన్ వర్తిస్తుంది. చెల్లింపు గడువును రాతపూర్వకంగా అనుకుంటే ఆ తేదీలోపు, అదీ 45 రోజులు మించకుండా డబ్బు రావాలి. రాతలో ఏమీ లేకపోతే గడువు 15 రోజులే. కాబట్టి ముప్పై రోజులు కావాలనుకునే ఆమెకూ ఆ మాట రాతలో ఉండాల్సిందే.

అదే చట్టంలో ఇంకో పదిహేను రోజులున్నాయి. సరుకు దిగాక కొలత తేడా ఉందనో, ప్రింటింగ్ చెదిరిందనో అనాలంటే 15 రోజుల్లోపు రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకపోతే సరుకు దిగిన రోజే దాన్ని స్వీకరించినట్టు లెక్క. లారీ దిగిన రోజే రెండు మూడు కట్టలు విప్పి, పెట్టె నిలబెట్టి లోపల టేపు పెట్టి చూసుకోవాలి. తేడా ఉంటే ఆ పాత మెయిల్‌కే జవాబుగా, ఫొటోలు జోడించి రాయాలి. కొలత ఎంత అనుకున్నారో, ఎంత వచ్చిందో అప్పుడు ఒకేచోట కనిపిస్తుంది.