‘గణాంకాలు తప్పు’ అంటే ఏ పట్టికలో?

“పద్ధతి చాలా బలహీనం. గణాంకాలు తప్పు. శాంపిల్ చిన్నది. ఇంగ్లిష్ దారుణం. తిరస్కరించాలి.”

పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్న స్కాలర్ తొలిసారి రాసే పీర్ రివ్యూ తరచూ ఇలాగే ఉంటుంది. జర్నల్ పంపిన పేపర్‌ను గైడ్ ముందు స్కాలర్ చేతికిస్తారు. రిపోర్టు వచ్చాక దాన్ని దిద్ది ఎడిటర్‌కు పంపుతారు. పై ఐదు ముక్కల్లో అబద్ధమేమీ లేకపోవచ్చు. కానీ అవి చదివిన రచయితకు రేపు పొద్దున కూర్చుని ఏం సరిచేయాలో మాత్రం తెలియదు.

ఒక కల్పిత పేపర్ తీసుకుందాం. మునగాకు పొడి రక్తహీనతను తగ్గిస్తుందా అన్నది ప్రశ్న. ఒక హాస్టల్లో హిమోగ్లోబిన్ తక్కువగా ఉన్న 60 మంది బాలికలను ఎంచుకుని, మూడు నెలలు పొడి ఇచ్చారు. సగటు హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 10.4 గ్రాముల నుంచి 11.1కి పెరిగింది. ‘మునగాకుతో రక్తహీనత తగ్గుతుందని రుజువైంది’ అని రచయితలు తేల్చేశారు.

గైడ్ చేయాల్సిన మొదటి పని స్కాలర్ రిపోర్టును పక్కన పెట్టి, పేపర్‌ను తాను చదవడం. రిపోర్టు ముందు చదివితే దాని కళ్లతోనే పేపర్ కనిపిస్తుంది. ఆ తర్వాత ఒక్కో విమర్శ దగ్గర ఆగి స్కాలర్‌ను అడగాలి: ఇది పేపర్లో ఎక్కడుంది? దీనివల్ల ఏ నిర్ధారణ దెబ్బతింటోంది? రచయిత ఇప్పుడు ఏం చేయగలరు?

‘పద్ధతి బలహీనం’ అన్నదాన్ని ఇలా తవ్వితే అసలు సంగతి బయటపడుతుంది. పొడి తీసుకోని పోలిక బృందం లేదు. దేశంలో బడిపిల్లలకు నులిపురుగుల మాత్రలు, వారంవారం ఐరన్ మాత్రలు ఇచ్చే ప్రభుత్వ కార్యక్రమాలున్నాయి. ఆ మూడు నెలల్లో ఈ బాలికలు అవి వేసుకున్నారా అన్నది పేపర్లో లేదు. పైగా హిమోగ్లోబిన్ తక్కువ వచ్చినవారినే ఏరుకున్నారు. ఆ రోజు కొలతలో యాదృచ్ఛికంగా తక్కువ పడినవారూ వారిలో ఉంటారు. కాబట్టి ఏమీ ఇవ్వకపోయినా రెండోసారి సగటు కాస్త పెరగవచ్చు.

దిద్దిన వాక్యం ఇలా ఉంటుంది: “పోలిక బృందం లేనందువల్ల 0.7 గ్రాముల పెరుగుదల మునగాకు వల్లే వచ్చిందని చెప్పలేం. అధ్యయన కాలంలో ఐరన్, నులిపురుగుల మాత్రలు ఎవరెవరికి అందాయో తెలపండి. సారాంశంలోనూ ముగింపులోనూ ‘రుజువైంది’ అన్న మాట తీసేసి, దీన్ని ప్రాథమిక పరిశీలనగా చెప్పండి.” ఇక్కడ న్యాయం కూడా ఉంది. ముగిసిపోయిన అధ్యయనానికి ఇప్పుడు పోలిక బృందాన్ని చేర్చమంటే రచయిత చేయలేరు. చేయగలిగింది వాదన తగ్గించుకోవడమే.

‘గణాంకాలు తప్పు’ దగ్గర స్కాలర్ నిజంగానే ఒకటి పట్టుకున్నారు, రాయడమే రాలేదు. మొదటి పట్టికలో 60 మంది ఉంటే రెండో పట్టికలో 48 మందే ఉన్నారు. మిగతా 12 మంది ఏమయ్యారు? పొడి పడక మానేసినవారైతే, మిగిలినవారి సగటు మొత్తం బృందానికి వర్తించదు. రిపోర్టు మొత్తంలో విలువైన పరిశీలన ఇదే. గైడ్ దీన్ని పైకి తెచ్చి, ఇంగ్లిష్ సంగతిని చివరి చిన్న సవరణల్లోకి నెట్టాలి. అక్కడ కూడా ‘దారుణం’ అనకుండా, అర్థం కాని రెండు వాక్యాలను పేజీ నంబరుతో చూపిస్తే చాలు. 2019లో పీర్‌జె జర్నల్‌లో వచ్చిన ఒక అంతర్జాతీయ సర్వేలో సగానికి పైగా శాస్త్రవేత్తలు తమకు మర్యాద లేని సమీక్ష ఒక్కసారైనా ఎదురైందన్నారు. అలాంటి మాటలు ఎక్కువగా చేటు చేసేది పరిశోధన రంగంలో ఇప్పటికే తక్కువ సంఖ్యలో ఉన్న వర్గాలకని కూడా ఆ సర్వే తేల్చింది.

‘తిరస్కరించాలి’ అన్న ముక్క రచయితకు వెళ్లే భాగంలోంచి తీసేయాలి. చాలా జర్నళ్లలో ఎడిటర్‌కు మాత్రమే కనిపించే పెట్టె వేరుగా ఉంటుంది, దాని చోటు అక్కడ.

మెత్తబరచడంలోనూ ప్రమాదముంది. ‘ఆసక్తికరమైన అధ్యయనం, కొన్ని సూచనలు’ అంటూ పెద్ద లోపాన్ని పూలల్లో చుట్టేస్తే ఎడిటర్‌కు దాని బరువు అందదు. పోలిక బృందం లేదన్నది మొదటి అంశంగా, సూటిగానే ఉండాలి.

ఇక పేరు సంగతి. 2019లో ఈలైఫ్ ప్రచురించిన మరో సర్వేలో సుమారు సగం మంది యువ పరిశోధకులు, ఆహ్వానం అందుకున్న సమీక్షకుల తరఫున తాము రిపోర్టు రాసి, పేరు లేకుండా ఉండిపోయామని చెప్పారు. పేపర్‌ను స్కాలర్‌కు చూపే ముందే ఎడిటర్ అనుమతి తీసుకోవాలని, సాయం చేసినవారి పేరు జర్నల్‌కు తెలపాలని ప్రచురణ నైతికతపై పనిచేసే కోప్ సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. రిపోర్టు ఎంత బాగా దిద్దినా, ఈ రెండూ చేయని గైడ్ పని సగమే అయినట్టు.